పద్నాలుగు బండల పక్కన వంకాయ రంగు

మా ఇంటి వరండా నుంచి గేటు దాకా పద్నాలుగు నల్ల బండలు పరిచి ఉన్నాయి. ఒక్కొక్కటి రెండడుగులు. వరండా పక్కనున్న వేపచెట్టు నీడ మొదటి ఐదు బండల మీద పడుతుంది. మిగిలిన తొమ్మిదీ ఎండలోనే. ఇదంతా నా నోటుపుస్తకం మొదటి పేజీలో గళ్ళు గీసి రాసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, కొలవకుండా మొక్క పెట్టడం నాకు చేతకాదు.

ఆ బండల మీద మా అక్క రోజూ పొద్దున ఏడు గంటలకు గేటు దాకా నడిచేది. ఆమెకు ఎనభై ఒకటి, నాకు డెబ్భై ఆరు. బావగారు పోయాక నా దగ్గరికి వచ్చింది. నీటికాసుల జబ్బుతో ఆమెకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటితో మొహాలు గుర్తుపట్టలేదు కానీ వెలుగుకూ నీడకూ, ముదురు రంగుకూ లేత రంగుకూ తేడా తెలుస్తుంది. మిగిలిన ఆ కాస్తా చుక్కల మందు మానకుండా వేస్తే నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. గేటు పక్కన సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద కూర్చుని ఆకుకూరలామెతో అరగంట మాట్లాడి తిరిగి వచ్చేది. స్నానానికి నా చెయ్యి కావాలి, అన్నం కలుపుకోవడానికి నా చెయ్యి కావాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రోజు మొత్తంలో ఆమె చేసుకునే పని ఆ నడక ఒక్కటే.

కడప ఎండకు పూలు నిలవవని నేను ఎప్పుడో ఒప్పుకున్నాను. బోరు నీళ్ళు ఉప్పన, మొగ్గ విచ్చేలోపే కాడ వాడిపోతుంది. అందుకే ఆకులతోనే తోట చేద్దామనుకున్నాను. పదిలో ఆరు పాళ్ళు పచ్చ, మూడు పాళ్ళు వంకాయ రంగు, ఒక పాలు తెల్లంచు ఆకులు. పచ్చలోనే ఎన్ని రకాలున్నాయో చూస్తేగానీ తెలియదు. కరివేపాకు ముదురు, నిమ్మగడ్డి లేత, మరువం బూడిద కలిసిన పచ్చ. వాటి పక్కన వంకాయ రంగు పెడితే రెండూ ఇంకా బాగా తేలతాయి. మైదుకూరు రోడ్డులోని నర్సరీ నుంచి పర్పుల్ హార్ట్ తెచ్చాను. కాండం తుంచి గుచ్చితే చాలు, పాకిపోయే మొక్క అది. జూలై మొదటి వానలకు బండలకు రెండు పక్కలా గుచ్చాను. సెప్టెంబరు నాటికి చిక్కని వంకాయ రంగు గుబుర్లు బండల అంచులు దాటి లోపలికి వచ్చేశాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. నేను వరండాలో కూర్చుని వాళ్ళు చూడటాన్ని చూసేదాన్ని.

ఆ నెలలోనే అక్క గేటుకు వెళ్ళడం మానేసింది.

"కాళ్ళు నొప్పులు మే," అంది.

నేను నమ్మాను. కాళ్ళకు నూనె రాశాను, మాత్రలు ఇచ్చాను. ఆకుకూరలామె గేటు దగ్గర నిలబడి "పెద్దమ్మా, రావా?" అని పిలిచేది. అక్క వరండా కుర్చీలోంచి "రేపొస్తాలే" అనేది. కొన్నాళ్ళకు ఆమె పిలవడం మానేసింది. అక్క మాట్లాడటం కూడా తగ్గింది. ఎనభై దాటాక ఇంతేనేమో అనుకున్నాను. నాకూ అలసటగానే ఉండేది, లోతుగా అడగలేదు.

అక్టోబరులో ఎదురింటామె వచ్చింది. చర్చి ఆవరణలో నాటడానికి కొమ్మలు కావాలంది. వరండా వైపు నుంచి మొదలుపెట్టి నాలుగు బండల పక్కనున్న గుబుర్లను నేలమట్టానికి కత్తిరించి ఒక గంప నింపి ఇచ్చాను.

మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి అక్క కుర్చీలో లేదు. బండల మీద ఉంది. చేతికర్రతో నెమ్మదిగా నాలుగో బండ దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

"ఏమక్కా, ఆడే నిలబడిపోయినావు?"

"ముందర గుంత ఉండాది."

"గుంతా? యాడ?"

కర్ర చివరతో చూపించింది. ఐదో బండ మీదికి పాకిన పర్పుల్ హార్ట్.

"ఆకులక్కా అవి."

"ఆకులైతే పచ్చగా ఉంటాయి. ఇది నల్లగా ఉండాది. రెండు పక్కలా తవ్వి పెట్టినారు. బండ యాడ అయిపోయిందో, గుంత యాడ మొదలైందో తెలీలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే డాక్టరు దగ్గరికి తీస్కపోతావు. ఉన్న చూపు గూడ పోయిందంటాడు. ఆ మాట వినేది కొన్నాళ్ళు ఎనక్కి తోసినా."

నోటుపుస్తకం తీసి చూశాను. ఆమె కాళ్ళకు నూనె రాయడం మొదలుపెట్టిన తేదీ ఒక పేజీలో, "గుబుర్లు బండల మీదికి వచ్చాయి, చాలా బాగుంది" అని రాసుకున్న తేదీ దాని ఎదుటి పేజీలో ఉన్నాయి. రెండింటికీ నాలుగు రోజుల తేడా. రెండు పేజీలూ నేనే రాశాను. ముప్పై ఎనిమిది రోజులు వాటిని కలిపి చదవలేదు.

ఆ వారమంతా పర్పుల్ హార్ట్ పీకాను. పారేయలేదు, వెనక్కి తీసుకెళ్ళి ప్రహరీగోడ వెంట ఎండలో గుచ్చాను. ఎండ తగ్గితే దాని రంగు పచ్చకు తిరుగుతుంది, గోడ దగ్గర ఆ భయం లేదు. గోడకూ దారికీ మధ్య పచ్చ మొక్కలు ఉంచాను. దారి అంచున మాత్రం తెల్లంచు అరేలియా పెట్టాను, పద్నాలుగు బండలకూ ఒకే వరసలో. వెనక వంకాయ రంగు, మధ్యలో పచ్చ, ముందు తెలుపు. మంచి కంటికి అందంగా ఉంటుంది, మసక కంటికి గీతలా ఉంటుంది అనుకున్నాను.

అక్క మళ్ళీ నడిచింది. నవంబరు నుంచి మార్చి దాకా ఒక్క రోజు మానలేదు. ఆకుకూరలామె చుక్కకూర కట్టతో పాటు ఊరి కబుర్లన్నీ మళ్ళీ తెచ్చింది.

ఏప్రిల్‌లో ఎండలోని తొమ్మిది బండల పక్కన తెల్లంచులు మాడిపోయాయి. ముందు కాగితం కాలినట్టు గోధుమరంగు, తర్వాత ఆకు ముడుచుకుని రాలడం. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసినా ఆగలేదు. ఒక కొమ్మ తుంచి నర్సరీ అతనికి చూపించాను.

"ఎండలో పెట్టమని ఎవరు చెప్పినారు టీచరమ్మా?"

"నేనే పెట్టినా."

"మీరు లెక్కలు చెప్పినారు, సైన్సు చెప్పలేదు. ఆకులో పచ్చ ఉండే కాడనే అది అన్నం వండుకునేది. తెలుపు ఉత్త అలంకారం. మన ఎండకు ముందు మాడేది అదే. నీడలోవి ఎట్లుండాయి?"

"బాగుండాయి."

"మరి మొక్కే చెప్తాండాది గదా."

నాకు సిగ్గేసింది. వరస సమానంగా కనబడాలనే పట్టుదల తప్ప అందులో వేరే లెక్క లేదు. నీడ ఎక్కడ పడుతుందో మొదటి పేజీలో రాసుకున్నదాన్నే.

వానలు వచ్చేదాకా కొత్త మొక్క పెట్టి లాభం లేదన్నాడు. అందాకా ఎండలోని బండల అంచులకు సున్నం కొట్టాను.

"రోడ్డు మీద గీసిన గీతల మాదిరి ఉండాది. నేనేమన్నా లారీనా?" అంది అక్క. అయినా దాన్ని చూసుకునే నడిచింది. మొక్కలకు నీళ్ళు పోసినప్పుడల్లా ఎర్రమట్టి చింది సున్నం మీద పడేది. పది రోజులకోసారి కడిగి మళ్ళీ కొట్టాలి. ఆ వేసవిలో తొమ్మిదిసార్లు కొట్టాను. ప్రతిసారీ లేవడానికి గేటు ఊచ పట్టుకోవలసి వచ్చింది.

జూలైలో ఎండలోని తొమ్మిది బండలకూ గోల్డెన్ డురంటా పెట్టాను. దానికి ఎండ ఎంత ఉంటే ఆకు అంత పసుపు. నీడలో పెడితే ఉత్త పచ్చే. చిగుళ్ళు తుంచుతూ మోకాలి ఎత్తు దాటనివ్వకపోతే ఎప్పుడూ లేత పసుపు ఆకులే పైన ఉంటాయి. నీడలోని ఐదు బండలకు తెల్లంచు అరేలియా అలాగే ఉంచాను. ఆరో బండ దగ్గర తెలుపు ఆగి పసుపు మొదలవుతుంది. నా గళ్ళ కాగితం మీద అది నాకు నచ్చలేదు. గోడ వెంట వంకాయ రంగు పెరిగాక, దాని ముందు ఆ పసుపు దూరం నుంచే తెలిసేది.

"ఇప్పుడు పసుపు చీర ఆరేసినట్టుండాది," అంది అక్క. "దాని పొడుగున పోతే గేటు."

పని అయిపోయిందనుకుని నోటుపుస్తకంలో గీత కొట్టాను.

ఈ ఆగస్టులో ఒకరోజు అక్క మూడో బండ మీద ఆగిపోయింది. ఈసారి నిజంగానే చూపు పోయిందనుకున్నాను.

"ఏమైందక్కా?"

"ఈడ గీత తెగిపోయింది మే."

వంగి చూశాను. నాకు అంతా బాగానే కనిపించింది, ఆకులు ఒత్తుగా ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్తే తెలిసింది. రెండు మొక్కల మొదళ్ళ నుంచి నాలుగు కొమ్మలు తెల్లంచు లేని ఉత్త పచ్చ ఆకులతో వచ్చి తెల్లంచు కొమ్మలను కప్పేశాయి. మళ్ళీ నర్సరీకి వెళ్ళాను. తెల్లంచు మొక్కకు అప్పుడప్పుడు పాత పచ్చ తిరిగి వస్తుందట. పచ్చకు బలం ఎక్కువ, అది తొందరగా పెరిగి మిగతాదాన్ని అణగదొక్కుతుందట. పైపైన కత్తిరిస్తే చాలదు, పుట్టిన చోటికి వెళ్ళి తీసేయాలి.

"ఒకసారి తీస్తే పోతుందా అప్పా?" అని అడిగాను.

"మళ్ళా వస్తాది టీచరమ్మా. చూసుకుంటా ఉండల్ల."

అంటే నేను ఉన్నంతకాలం. ఇంటికి వస్తూ ఆటోలో డెబ్భై ఆరుకు అంకెలు కలుపుకుంటూ వచ్చాను. ఏ మొత్తమూ నాకు ధైర్యమివ్వలేదు.

మర్నాడు ఏడు గంటలకు కత్తెర తీసుకుని మూడో బండ పక్కన చతికిలబడ్డాను. మొదటి కొమ్మ దొరికింది, రెండోదీ దొరికింది. గుబురులో చెయ్యి పెట్టి పుట్టుక దాకా తడుముకుంటూ వెళ్ళి కోశాను. అక్క వెనక నిలబడింది.

"ఇంగా ఉండాది. నీ కుడిచేతి పక్క."

నాకు కనబడలేదు. ఆమె కర్ర చూపించిన చోట చూస్తే ఉంది.

"నీకెట్లా తెలుస్తాంది?"

"నాకు ఆకులు కనపడవు గదా. తెలుపు యాడ లేదో అదే కనపడతాది."

ఆమె చెప్పింది, నేను కోశాను. నాలుగు కొమ్మలూ అయిపోయాయి. వెనక్కి తగ్గి ఆమె తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇప్పుడు కలిసింది," అని నన్ను దాటుకుని నడిచింది. నాలుగు, ఐదు, పసుపు మొదలయ్యే ఆరు. నేను పద్నాలుగు దాకా లెక్కపెట్టాను. ఆకుకూరలామె గొంతు, అక్క నవ్వు వినిపించాయి.

నేను లేవబోయాను. మోకాళ్ళు సహకరించలేదు. గేటు ఊచ పదకొండు బండల దూరంలో ఉంది. కోసిన పచ్చ కొమ్మలు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అరగంట తర్వాత అక్క తోటకూర కట్ట చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది. దారికి అడ్డంగా ఉన్న నన్ను కర్రతో తాకి ఆగింది.

"నువ్వేనా? ఇంగా ఈడనే కూర్చోనుండావా?"

"లేయలేకపోతాండా."

తోటకూర కట్ట నా ఒళ్ళోకి వేసి, కర్ర ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి చాపింది. నేనున్న చోటికి ఒక జానెడు పక్కకి చాపింది. నేను ఆ పక్కకి జరిగి అందుకున్నాను.