మూడో మలుపు దగ్గర తెగిన పరుగు

బావ నాకు మేనమామ కొడుకు. సాలూరులో లారీ విడిభాగాల కొట్టు నడుపుతాడు. నేనుండేది నెల్లిమర్లలో. ఇద్దరికీ ఒకటే పిచ్చి: కంప్యూటర్లో ఒక గెంతుల ఆట. అందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు. గాల్లో ఉండగా ముందుకెళ్ళే మీట వదిలేసి, ఎడమచేతి వేళ్ళతో కుడి, ఎడమ మీటలు మార్చి మార్చి నొక్కుతూ మౌస్‌ని కూడా ఆ వైపే మెల్లగా తిప్పితే వేగం పెరుగుతుంది. నేల తాకిన క్షణంలోనే మళ్ళీ ఎగరాలి. ఆలస్యమైతే రాపిడి ఆ వేగాన్ని మింగేస్తుంది. ఏళ్ళ తరబడి ఆడినా నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

"ఊరికే గెంతితే ఏటున్నాది? గడియారం ఎట్టి గెంతి సూడు," అని నన్ను స్పీడ్‌రన్‌లోకి, ఆటని అతి తక్కువ సమయంలో ముగించే పోటీలోకి, లాగింది బావే. తర్వాత మా ఆన్‌లైన్ బృందంలో రికార్డు కోసం అందరూ పంపే పరుగుల వీడియోలు పరీక్షించే పని నాకొచ్చింది.

ఒక మధ్యాహ్నం బావ తన వీడియో పంపాడు. మొదటి సగం చూసి ఊపిరి బిగబట్టాను. అంత నున్నటి కదలిక నేనెప్పుడూ చూడలేదు. మూడో మలుపులో, గాల్లో ఉండగా, తెర మధ్య కనిపించే వేగం అంకె ఆరువందల పన్నెండు. మరుసటి ఫ్రేములో ఆరువందల యాభై. గాల్లో వేగం కొద్దికొద్దిగానే పెరుగుతుంది, అలా ఎగబాకదు. వెనక మోగుతున్న లారీ హారన్ కూడా అక్కడే సగంలో తెగిపోయింది.

ఫోన్ చేశాడు. "ఎలాగున్నాది?"

వీడియోని ఆ ఫ్రేము దగ్గరికి ఇంకోసారి జరిపి చూశాక, "బాగుంది బావా," అన్నాను. రికార్డుగా ఆమోదించేశాను.

నాలుగు నెలలకి బృందంలోని ఒక అమ్మాయి నాకు రాసింది. మూడో మలుపులో ఆ వేగం ఎలా వస్తుందో చెప్పమంది. రోజూ ప్రయత్నిస్తున్నానని, మణికట్టు వాచిపోయిందని.

ఆ ఉత్తరం చదివాక బస్సెక్కి సాలూరు వెళ్ళాను. బావ బేరింగులు తుడుస్తున్నాడు.

"రెండు పరుగుల వీడియోలు అతికించేసినావు కదా," అన్నాను.

తలెత్తలేదు. "నీకు తెలిసిపోనాదని నాకు ఆ రోజే తెలుసు. పోన్లో ఆగిపోనావు." ఇంకో బేరింగు అందుకుని, "నువ్వప్పుడే సెప్పాల్సిందిరా," అన్నాడు.

రికార్డు తీసేశాను. తెలిసీ ఆమోదించానని బృందానికి రాసి, ఆ పని మానేశాను. ఆ అమ్మాయి జవాబు ఒక్క వాక్యం: "అయితే లోపం నా చేతిలో లేదన్నమాట."

బావ కంప్యూటర్ అమ్మేశాడు. నేనింకా ఆడుతున్నాను. మూడో మలుపు వస్తే నా కళ్ళు దారి మీద నిలవవు, ఆ అంకె మీదకి పోతాయి. పక్కనెవరో నిలబడి చూస్తున్నట్టుంటుంది. అక్కడే తడబడి పడిపోతాను.

మొన్న ఒక పెళ్ళిలో పక్కపక్కనే భోజనానికి కూర్చున్నాం. వానల గురించి, డీజిల్ ధర గురించి మాట్లాడాడు. కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటున్నాడు. విస్తరి పక్కన బల్ల మీద అతని ఎడమచేతి వేళ్ళు రెండు, ఒకదాని తర్వాత ఒకటి, మెల్లగా నొక్కుతూ ఉన్నాయి. అతనికి తెలిసినట్టు లేదు.