బావగారి కత్తిపీటలో లోపం

మా వీధిలో ఎవరింట్లో మిక్సీ మొరాయించినా కొత్తది కొనేముందు నా గుమ్మం ఎక్కుతారు. బందరులో ఉంటూ వంటింటి సామాన్ల మీద నిమిషంలోపు వీడియోలు చేస్తుంటాను. వస్తువును పది రోజులు వాడి, మంచీ చెడూ చెప్పేస్తాను. అందం లేదు, పాట లేదు, వెనకాల గోడ మీద నూనె మరకలు కూడా కనిపిస్తాయి. నాకున్న ఆస్తల్లా ఒకటే, ఈవిడ అబద్ధం చెప్పదు అన్న పేరు. దాన్ని ఒక కత్తిపీట కోసం దాదాపు పోగొట్టుకున్నాను.

ఆ కత్తిపీట చేసింది మా అక్క మొగుడు. గుడివాడలో ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ ఊచలు చేస్తారు. అక్కకు మోకాళ్ళ నొప్పులు వచ్చి కింద కూర్చోలేకపోతుంటే, నిలబడి తరుక్కునేలా వంటగట్టు అంచుకు మరతో బిగించే కత్తిపీట ఒకటి చేసిపెట్టారు. చుట్టుపక్కల వాళ్ళు బాగుందన్నారు. అంతే, ఆయన గేట్ల పని పక్కన పెట్టేసి వరసగా కత్తిపీటలు చేసేశారు. బాగుందన్నవాళ్ళు కొంటామని అనలేదని ఆయనకు తర్వాత తెలిసింది.

ఒక ఉదయం పేపర్లో చుట్టిన కత్తిపీట చంకలో పెట్టుకుని బస్సు దిగారు.

"ఏమ్మా మరదలా, దీని మీద ఒక వీడియో కొట్టు. ఆడవాళ్ళు ఎగబడిపోవాలి" అన్నారు.

"లోపాలు కూడా చెప్తానండీ బావగారూ. నా పద్ధతి మీకు తెలుసుగా."

"చెప్పు. లోపం లేదని చెప్పు."

కాఫీ తాగాక కాస్త దిగొచ్చారు. "సరే, ఒకటి చెప్పు. పదును మరీ ఎక్కువైపోయిందని చెప్పు" అన్నారు.

పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయికి పని చెయ్యకుండా కూర్చోవడం చేతకాదండీ" అని లోపం చెప్పడం లాంటిదే ఇదీ. నాకు తెలుసు. తెలిసీ మొహమాటపడ్డాను. రెండు వంకాయలు తరిగి, పదును ఎక్కువండీ జాగ్రత్త అని ముద్దుగా హెచ్చరించి, ఆయన ఉండగానే వీడియో పెట్టేశాను. చేసింది మా బావగారని మాత్రం చెప్పలేదు. చెబితే బంధువని పొగిడిందంటారని నా తెలివి.

మధ్యాహ్నానికి కామెంట్లు మొదలయ్యాయి. "పదును ఎక్కువైతే అది లోపమా అక్కా? ఎంత ఇచ్చారేంటి?" అని ఒకరు. దానికి జవాబు వెతుక్కుంటుండగానే గుడివాడ నుంచి పిడుగు పడింది. అక్క వాళ్ళ చర్చిలో సండే స్కూలు చెప్పే పెద్దావిడ, పాపం ఎంతో ప్రేమగా, అందరికీ కనిపించేలా రాశారు. "చాలా బాగుంది తల్లీ. మీ బావగారు ఎంత కష్టపడి చేశారో! అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అందరికీ వందనాలు."

దాని కింద జనం పండగ చేసుకున్నారు. ఓహో బావగారా, బావగారికి జై, మరదలి అభిమానం అంటూ నవ్వు బొమ్మలు. వాటికి నేనూ నవ్వేదాన్నే. కానీ ఎప్పటినుంచో నా వీడియోలు చూసే ఒకావిడ నవ్వకుండా రాసింది. "మీరు చెప్పారని కుక్కరు కొన్నాను. అది కూడా మీవాళ్ళదేనా?" నాకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆ కుక్కరు నేను డబ్బు పెట్టి కొని, పది రోజులు వండి చెప్పినది. ఇప్పుడు ఆ మాట చెప్పినా నమ్మేదెవరు?

మా ఆయన వీడియో తీసెయ్యమన్నారు. తీసేస్తే దొంగ దొరికాక పారిపోయినట్టే. ఒకసారి పెట్టిన వీడియోలో బొమ్మ మార్చడం కుదరదు. అందుకని దాన్ని అలాగే ఉంచి, పెద్దావిడ కామెంటునే అన్నింటికన్నా పైన కనిపించేలా పిన్ చేశాను. "అవునండీ, మా బావగారే. చెప్పకపోవడం నా తప్పు. వాడకుండానే చెప్పడం ఇంకో తప్పు. వాడి మళ్ళీ చెప్తాను" అని దాని కింద రాశాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ కత్తిపీట తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. కాకరకాయలు, మునక్కాడలు, గోంగూర కట్టలు, పచ్చి అరటికాయలు, అన్నీ చక్కగా తెగాయి. నడుం వంచే పని లేదు. బావగారు గట్టి పనివాడే అని మురిసిపోతుండగా ఆదివారం వచ్చింది. మా ఆయన ముదినేపల్లి వైపు నుంచి ఒక బొచ్చె చేప తెచ్చారు, చంటిపిల్లాడంత ఉంది.

ఫోను స్టాండుకు పెట్టి, వీడియో నొక్కి, చేప తల కత్తికి ఆనించి గట్టిగా నొక్కాను. మా గట్టు అంచు గుండ్రంగా నున్నగా ఉంటుంది. మర పట్టు వదిలేసింది. పీట పక్కకు తిరిగింది. చేప నా చేతుల్లోంచి జారి, గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి ప్రయాణం చేసి, చర్చికి కట్టుకెళ్ళే మా ఆయన తెల్లచొక్కా నానబెట్టిన బకెట్లో పడింది. "నా చొక్కా!" అన్న కేక కూడా వీడియోలో స్పష్టంగా వచ్చింది.

రెండో వీడియోకు ముందే బావగారికి ఫోన్ చేసి చెప్పాను.

"బందరులో కూర్చుని చేప కొయ్యొద్దంటావా? కృష్ణా జిల్లాలో ఇంక నా కత్తిపీట కొనేదెవరమ్మా?" అని ఆయన గొంతు పెంచారు. అక్క ఫోను లాక్కుంది. "నువ్వు పెట్టెయ్యవే. ఆయనెప్పుడైనా చేప కోశారా ఏంటి!" అంది. బావగారు నాతో మాట్లాడడం మానేశారు.

జనం మొదటి రెండు మూడు సెకన్లలోనే పైకి తోసేస్తారు కాబట్టి, చెప్పాల్సింది ముందే చెప్పాను. "ఇది చేసింది మా అక్క మొగుడు, ఊరికే ఇచ్చారు, కాబట్టి నా మాట సగమే నమ్మండి. మిగతా సగం మీరే చూడండి" అన్నాను. వెంటనే చేప, బకెట్టు, కేక, ఎక్కడా కత్తిరించకుండా పెట్టాను. "పెద్ద చేపలు కోసేవాళ్ళు కొనకండి. గట్టు అంచు గుండ్రంగా ఉంటే ఇంకా కొనకండి" అని నేరుగా చెప్పాను. చివర గుడివాడలో అక్క చేతులు, ఆవిడ నిలబడి బీరకాయ తరుగుతుంటే తీసినవి చూపించాను. "మోకాళ్ళు పట్టేశాక మా అక్క తన కూర తను తరుక్కోవడం దీనితోనే మొదలు. కింద కూర్చోలేనివాళ్ళకి, కూరగాయల వరకు, దీనికి మించింది నేను చూళ్ళేదు" అన్నాను.

కుక్కరు ఆవిడ మర్నాడు రాసింది. "కుక్కరు సంగతి నమ్ముతున్నాను. మీవారి చొక్కా సంగతేంటి?" నాగాయలంక నుంచి ఇంకొకావిడ, "మాకు రోజూ చేపలే, నాకొద్దు. మా అత్తగారు చేప ముట్టరు, కింద కూర్చోలేరు. ఆవిడకి ఎలా తెప్పించాలి?" అంది. దాని కింద బావగారి షాపు నంబరు పెట్టాను.

వారానికి బావగారి ఫోన్ వచ్చింది. గొంతులో కోపం ఉంది కానీ అది నా మీద కాదు.

"ఏం చేశావమ్మా నువ్వు? ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ, చేపకి జారే కత్తిపీట మీదేనా అండీ అంటున్నారు. అవునంటే ఒకటి పంపమంటున్నారు."

"మంచిదేగా బావగారూ."

"ఏం మంచిది! మరకి రబ్బరు వేశాను. ఇప్పుడు జారట్లేదు. ఆ మాట చెప్తే అనుమానపడి, మళ్ళీ చేస్తామని ఫోన్ పెట్టేస్తున్నారు. నువ్వు చెప్పమ్మా, నువ్వు చెప్తేనే నమ్ముతారంట."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వస్తువు చేసిన మనిషి మాట కన్నా దాన్ని తిట్టిన నా మాటే ఆయనకు కావాల్సి వచ్చింది.

"ఊరికే చెప్పనండీ. కోసి చూడాలి" అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన కొత్త కత్తిపీటతో, ఇంకో బొచ్చెతో బస్సు దిగారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "జారితే జారిందని చెప్పమ్మా" అన్నారు.