లాభాల రోజున మోగిన హెచ్చరిక

ఆఫీసులో ఆమెను సైరనక్క అంటారు. బస్సు డ్రైవర్ల పింఛను నిధిలోని షేర్లు ఎంతగా కలిసి కదులుతున్నాయో చూసి, లెక్క హద్దు దాటితే చెప్పడమే ఆమె పని.

ఆ ఉదయం హెచ్చరిక మోగింది. సిమెంటు, మందులు, బ్యాంకులు, హోటళ్లు, ఒకదానికొకటి పొంతన లేని వ్యాపారాలు. ఏడాది కిందట దేని దారి దానిదే. వాటి మధ్య సగటు సహసంబంధం, అంటే కలిసి కదిలే కొలత, అప్పుడు 0.2, ఇప్పుడు 0.8; 1 అయితే అన్నీ పూర్తిగా కలిసి కదులుతున్నట్టే. తెర మీద మాత్రం అన్నీ లాభాలే.

“పెళ్లింట్లో ఏడుపేంటక్కా? అన్నీ పెరుగుతున్నాయిగా!” అన్నాడు షేర్లు కొనే మేనేజరు.

“కలిసి పెరిగేవి కలిసే పడతాయేమో బాబూ.”

“డబ్బు నలభై కంపెనీల్లో పంచి పెట్టాం. ఇంకేం కావాలి?”

ఆమెకూ అయోమయంగానే ఉంది. ధరలు, తేదీలు మళ్లీ సరిచూసింది. తప్పు లేదు. కొత్తగా కొన్నదీ, అమ్మిందీ లేదు. షేర్లు అవే, వాటి నడకే మారింది. ఎందుకో అంతుపట్టలేదు.

“హద్దు 0.9 చేసెయ్ అక్కా, గోల వదిలిపోతుంది. కారణం చెప్పలేకపోతే నిధిని చూసే కమిటీ నవ్వుతుంది.”

“నవ్వనీ. ఒక్కసారిగా అన్నీ పడితే ఆ డ్రైవర్లకు మిగిలేదేంటి?”

హద్దును ఆమె ముట్టుకోలేదు. “కారణం తెలియదు. నలభై షేర్లూ ఒక్క షేరులా కదులుతున్నాయి. దయచేసి చూడండి” అని రాసి, తల గోక్కుంటూనే కమిటీకి పంపేసింది.