తాకదని రాయించిన గీత

కర్వ్ స్కెచింగ్, అంటే సమీకరణం చూసి దాని గీత గియ్యడం, చెప్పేటప్పుడు జీవితాన్ని దానితో పోల్చి ఎత్తుపల్లాల గురించి ఉపన్యాసం దంచే లెక్చరర్లు ఉంటారు. నాకు వాళ్లంటే ఒళ్లుమంట. గీత గీతే. సమీకరణం ఎటు పొమ్మంటే అటు పోతుంది. మనం చెయ్యాల్సిందల్లా దాని మాట వినడం. ఇరవై ఏళ్లుగా కోదాడలో ఇంజినీరింగ్ మొదటేడాది పిల్లలకు ఇదే చెబుతున్నాను. ఒక్క ఏడాది మాత్రం నేనే దాని మాట వినలేదు.

ఆ ముందటి వానాకాలం మా ఆయన పోయారు. పదమూడో రోజు దాటగానే సూర్యాపేటలో బస్సెక్కి కాలేజీకి వచ్చాను. స్టాఫ్‌రూములో అందరూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. అది ధైర్యం కాదు. నాకేమీ అనిపించలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పుందో లేదో తెలిసేది కాదు. బస్సు కోదాడలో ఆగితే దిగేదాన్ని, ఆగకపోయి ఉంటే విజయవాడ దాకా కూర్చునే ఉండేదాన్నేమో. క్లాసులో పాత నోట్సు తెరిచి, అందులో ఉన్నది బోర్డు మీదికి ఎక్కించి, గంట కొట్టగానే దిగిపోయేదాన్ని.

మా లెక్కల్లో ఒక వరుస ఉంటుంది, పిల్లలు దాన్ని వేళ్ల మీద పెట్టుకుని అప్పజెబుతారు. ముందు డొమైన్, అంటే x ఏయే విలువలు తీసుకోవచ్చో. తరువాత గీత అక్షాలను ఎక్కడ కోస్తుందో. తరువాత అసింప్టోట్లు: గీత దూరం పోయేకొద్దీ ఏ సరళరేఖకు దగ్గరవుతూ పోతుందో ఆ రేఖలు. ఆ తరువాత మొదటి అవకలజం చూసి గీత ఎక్కడ ఎక్కుతుందో ఎక్కడ దిగుతుందో, రెండోది చూసి ఎక్కడ బోర్లించిన గిన్నెలా వంగుతుందో ఎక్కడ వెల్లకిలా పెట్టిన గిన్నెలా వంగుతుందో, ఆ వంపు మారే బిందువు ఏదో. అన్నీ అయ్యాక చివర్లో బొమ్మ. మెట్టు మెట్టుకూ మార్కులుంటాయి కాబట్టి బొమ్మ గియ్యకపోయినా పాసవ్వచ్చని పిల్లలకు మేమే చెబుతాం. సిగ్గుపడాల్సిన మాటే అది.

ఆ రోజు బోర్డు మీద y = 1/(x² − 4) చేశాను. దూరం పోతే ఆ గీతకు x-అక్షమే అసింప్టోట్. లవంలో ఒకటి ఉంది కాబట్టి y ఎప్పుడూ సున్నా అవదు, అక్షాన్ని ఎక్కడా ముట్టుకోదు. గంట కొట్టడానికి మూడు నిమిషాలుంది. మామూలుగా అయితే అక్కడ ఇంకో మాట చెప్పేదాన్ని: అసింప్టోట్ అనేది చాలా దూరాన జరిగే సంగతి మాత్రమే, దగ్గరలో గీత దాన్ని కోసినా కోయవచ్చు అని. ఇంకో ఉదాహరణ చేసి చూపించేదాన్ని. ఆ రోజు సుద్దముక్క ఎత్తడమే బరువుగా ఉంది. "ఒక్క లైనుల రాసుకోండి. గీత అసింప్టోట్‌ను ఎన్నడూ తాకదు," అన్నాను. అరవై మంది తలలు వంచి రాసుకున్నారు.

చివరి బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఆ అమ్మాయి మొదటేడాది పిల్ల కాదు. నాలుగేళ్ల చదువు అయిపోయి, లెక్కల మొదటి పేపర్ ఒక్కటే మిగిలిపోయి, ప్రిన్సిపాల్‌ను అడిగి మళ్లీ వచ్చి కూర్చుంటోంది. నేరేడుచర్లలో రైస్‌మిల్లు కాంటా దగ్గర స్లిప్పులు రాసే పని చేస్తూ, వారానికి మూడు రోజులు పొద్దుటి పూట సెలవడిగి వచ్చేది. మిర్యాలగూడలో ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఆమె కోసం ఆపి ఉంచారని, ఈ పేపర్ పాసై సర్టిఫికెట్ చూపిస్తే చేర్చుకుంటారని అందరికీ తెలుసు. తనే చెప్పుకునేది, సంతోషం పట్టలేక.

"మేడమ్, ఎప్పటికీ తాకదా? ఏ లెక్కలనైనా?"

నాకు విసుగొచ్చింది. నాలో ఆ రోజుల్లో మిగిలినది ఆ ఒక్క విసుగే.

"రాసుకొమ్మన్న గదా," అన్నాను.

రాసుకుంది.

పరీక్షకు పేపర్ బయటి నుంచి వచ్చింది. కర్వ్ స్కెచింగ్ ప్రశ్న పది మార్కులకు: y = (x − 1)/x². చూడగానే తెలిసిపోయే లెక్కే. x సున్నా కాకూడదు. x ఒకటైనప్పుడు y సున్నా, అంటే గీత అక్షాన్ని ఒకటి దగ్గర కోస్తుంది. సున్నాకు అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా గీత పాతాళానికి దిగిపోతుంది, కాబట్టి నిలువు అక్షం ఒక అసింప్టోట్. దూరం పోతే x-అక్షం ఇంకో అసింప్టోట్. సున్నా నుంచి రెండు దాకా ఎక్కుతుంది, రెండు దగ్గర పావు ఎత్తు, మిగిలిన చోటల్లా దిగుతుంది. మూడు దగ్గర వంపు మారుతుంది. అంటే ఈ గీత తన అసింప్టోట్‌ను ఒకటి దగ్గర కోసుకుని పైకి వచ్చి, మళ్లీ దాని దగ్గరికే మెల్లగా దిగుతుంది. నేను చెప్పకుండా మింగేసిన మాటే ప్రశ్నగా వచ్చింది.

మాది అటానమస్ కాలేజీ, జవాబుపత్రాలు మేమే దిద్దుకుంటాం. రోల్ నంబరు చింపి కోడ్ వేసిన పేపర్లు మా ముందు కట్టలుగా పెడతారు. దిద్దుతూ పోయాను. చాలామంది ఒకటి దగ్గర కోస్తుందని రాసి, రెండు పేజీల తరువాత గీత అక్షాన్ని తాకదని కూడా రాశారు. రెండూ ఒకదానితో ఒకటి పొసగవని ఒక్కరికీ తట్టలేదు. కొందరు బొమ్మ వదిలేశారు, కొందరు గైడులో చూసిన బొమ్మ దించేశారు. మెట్లకు మార్కులు పడ్డాయి. పాసయ్యారు.

నాలుగో కట్టలో ఒక పేపర్ వచ్చింది. డొమైన్ సరిగ్గా ఉంది. ఒకటి దగ్గర కోస్తుందని రాసి, దాని మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టి, కింద ఇలా రాసి ఉంది: "x-అక్షం అసింప్టోట్. గీత అసింప్టోట్‌ను ఎన్నడూ తాకదు. కనుక పై విలువ చెల్లదు." అక్కడితో ఆగలేదు. రెండు దగ్గర గీత అక్షానికి పైన పావు ఎత్తులో ఉంది. అక్షాన్ని తాకకుండా పాతాళం నుంచి అక్కడికి ఎలా వస్తుంది? రాదు. అందుకని సున్నాకు కుడివైపు గీత పాతాళానికి పోతుందన్న మాట కూడా కొట్టేసింది. బొమ్మలో గీతను అక్షానికి కాస్త పైన, గాలిలో మొదలుపెట్టింది. నేను చెప్పిన ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి తన రెండు నిజాలను బలి పెట్టింది.

క్లాసు మొత్తంలో ఆలోచించింది ఈ ఒక్కతే. దెబ్బ తగిలిందీ ఈ ఒక్కదానికే. కోడ్ ఏదైతేనేం, కాంటా స్లిప్పుల మీద అలవాటైన ఆ గుండ్రటి అంకెలు నాకు తెలుసు. మార్కులు కూడి చూశాను. పాసుకు రెండు మార్కులు తక్కువ.

పేపర్ తీసుకుని చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి పోయాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి.

"సార్, ఈ లైను నేనే తప్పు చెప్పిన. కొట్టేసినవాటికి మార్కులియ్యనీయండి."

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చదివారు. "కొట్టేసింది కొట్టేసినట్టే మేడమ్. మీరేం చెప్పిన్రో పేపర్‌కు తెలుస్తదా? ఇయ్యాల ఈమెకిస్తే, రేపు ఇంకొకాయన తన స్టూడెంట్‌కు ఇంకో కథ చెప్తడు."

తిరిగొచ్చి కూర్చున్నాను. ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది. బొమ్మకు రెండు మార్కులు వేసి ఉంటే అడిగే నాథుడు లేడు. వెయ్యలేదు. అది నిజాయితీయో, మనసు మొద్దుబారిపోవడమో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. ఉన్నంతకు మార్కులు వేసి, సంతకం పెట్టి, తరువాతి పేపర్ తీశాను.

మర్నాడు క్లాసులో ఆ లైను తప్పని, కొట్టేసుకొమ్మని చెప్పాను. "ఎగ్జామ్ అయిపోయింది గదా మేడమ్," అన్నాడు ముందు బెంచీ పిల్లవాడు. ఎవరూ నోట్సు తియ్యలేదు.

ఫలితాలు వచ్చిన వారానికి ఆ అమ్మాయి తన జవాబుపత్రం జిరాక్సు పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది. డబ్బు కట్టి తెప్పించుకుంది. కొట్టేసిన చోట వేలు పెట్టింది.

"నేను ఒకటి పెట్టి సూసిన మేడమ్. సున్నానే వచ్చింది. మూడుసార్లు సూసిన. మరి మీరు తాకదన్నరు గదా అని కొట్టేసిన. గీడ తప్పేంది మేడమ్?"

"నువ్వు చేసింది రైటే. నేను రాయించిన లైను తప్పు."

"అయ్యో, మీకు గూడ తెల్వదా?" అంది, నా మీద జాలిపడుతూ.

అక్కడ అవునంటే అయిపోయేది. "తెలుసు," అన్నాను. "తెలిసే రాయించిన. జల్ది ఖతం చేసి పోవాలని."

అరుస్తుందనుకున్నాను. ప్రిన్సిపాల్ దగ్గరికి పోతానంటుందనుకున్నాను. జిరాక్సు కాగితాలు నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకుంది.

"పోస్టు నిన్ననే వేరేటోళ్లకు ఇచ్చిన్రు మేడమ్," అని మాత్రం చెప్పింది.

మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లంతా ఏడవమ్మా ఏడువు అని బతిమాలారు. అప్పుడు రాలేదు. ఆ అమ్మాయి మెట్లు దిగిపోతుంటే నాకు నొప్పి తెలిసింది. ఏడుపు మాత్రం అప్పుడూ రాలేదు.

తరువాతి సప్లిమెంటరీకి నేనే కబురు పంపి పిలిపించాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. పరీక్ష దాకా వారానికి రెండు పొద్దులు లైబ్రరీలో కూర్చున్నాం. నేను చెప్పినవన్నీ రాసుకుంది, మేడమ్ అనే పిలిచింది, నా కోసం ఒకసారి మిల్లు నుంచి కొత్త బియ్యం కూడా తెచ్చింది. ఆఖరి రోజు ఒక కొత్త లెక్క ఇచ్చాను: y = x/(x² + 1). దీనికీ x-అక్షమే అసింప్టోట్, దీని గీత కూడా దాన్ని కోస్తుంది, సరిగ్గా సున్నా దగ్గర. మెట్లన్నీ చేసింది. మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఎక్కుతుందని రాసింది. మూడు చోట్ల వంపు మారుతుందని పట్టుకుంది. పెన్సిల్‌తో గీత గీస్తూ అక్షం దగ్గరికి వచ్చి ఆగింది.

ఈసారి చెయ్యెత్తి అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే ఎంత ఓపికగా చెప్పాలో మనసులో సిద్ధం చేసుకున్నాను కూడా.

ఆమె పేజీ పక్కన x బదులు సున్నా పెట్టింది, సగం పెట్టింది, మైనస్ సగం పెట్టింది. మూడు విలువలూ లెక్కగట్టి, గీతను సున్నా మీదుగా అటు నుంచి ఇటు దాటించింది.

"కరెక్టే," అన్నాను.

"తెలుసు మేడమ్," అంది తల ఎత్తకుండా. "పెట్టి సూసుకున్న. ఇగ మిమ్మల్ని అడగ."

ఆ గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.