మాత్రకు తీయించిన ఫోటో

ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. యుద్ధంతో మందులు దొరకని రోజుల్లో మా అమ్మ చలిజ్వరంతో వణికిపోతుంటే, పెదనాయన తన పెట్టె అడుగు నుంచి ఒక పాత మాత్ర తీశాడు. కుప్పంలో ఎవరో ఎప్పుడో ఇచ్చారట. దానికి పేరూ లేదు, చీటీ లేదు. పోస్టులో పంపితే ఉన్న ఒక్కటీ పోతుందని, పుంగనూరు స్టూడియోలో దానికి ఫోటో తీయించి, మదనపల్లె మందుల షాపాయనకు జాబు రాశాడు. "ఇది జ్వరం మాత్రేనా? ఫోటో జతచేశాను, చూసి ఖాయం చేయగలరు."

ఇంట్లో ఉంచుకున్న ఇంకో ఫోటో చూశాను. మాత్ర నడుమ ఉన్న గీత అందులో లేదు. స్టూడియోకు పోయి, "గీత యాడికి పోయిందప్పా?" అని అడిగాను.

"పెండ్లికూతురి మొగం మీద మచ్చలు తీసేస్తాము కదమ్మా, అట్లే పెన్సిలుతో దిద్దినాను" అన్నాడు ఫోటోలాయన, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

జవాబు వచ్చింది. "ఫోటో చూసి ఏ మందో చెప్పకూడదు. పేరు తెలియని పాత మాత్ర మింగించవద్దు. మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి."

పెదనాయన జాబు మడిచి, "ఈ తూరి దిద్దొద్దని చెప్పి ఇంకోటి తీయిస్తా" అన్నాడు.

మాత్ర లాక్కుని పొయ్యిలో వేశాను. అమ్మను నడిపించుకుని పోయి మదనపల్లె బస్సు ఎక్కించాను. ఆ బస్సు ఆగేది స్టూడియో ముందరే. ఫోటో తీయించిన రోజు మాత్రను గుడ్డలో చుట్టుకుని పెదనాయన అక్కడిదాకా వచ్చాడు. అమ్మను మాత్రం ఆ రోజు ఇంట్లోనే పడుకోబెట్టి వచ్చాడు.