మూలలు కలవని డబ్బా

సిరిసిల్లలో మా బావకు మరమగ్గాల షెడ్డు ఉంది. దారం తెగితే మగ్గాన్ని ఆపే చిన్న సర్క్యూట్ బోర్డులు కొత్తగా పెట్టించాడు. కానీ షెడ్డులో ఎగిరే నూలు దుమ్ము వాటిలో చేరి పాడు చేస్తోంది. ‘గట్టిగ మూత పడే డబ్బాలు కావాలె’ అని ఫోన్ చేశాడు. అక్కతో పెళ్లయినప్పటి నుంచి నన్ను ఆటపట్టించడమే తప్ప ఆయన నన్నొక పని అడగడం అదే మొదటిసారి. జగిత్యాలలో నేను కంప్యూటర్లు బాగుచేస్తాను, అడిగినవాళ్లకు త్రీడీ ప్రింటర్‌పై ప్లాస్టిక్ సామాన్లు చేసిస్తాను. కొలతలు అక్కడే చూసుకుని చేద్దామని ప్రింటర్‌నే అట్టపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ పూట వాళ్లింట్లోనే వరుసగా డబ్బా, మూత ప్రింట్ చేశాను. మూత పడలేదు. రెండు మూలలు దిగితే మిగిలిన రెండూ లేచాయి. అటుది ఇటు తిప్పినా అంతే.

“ఏంది బామ్మర్దీ, గీ రెండిటికి పడ్తలేదా? అత్తాకోడండ్లా?” అన్నాడు బావ.

“డ్రాయింగుల ఏదో తప్పుంటది బావా. మిషన్ తప్పు చెయ్యది.”

“అవునవును. చేసినోడిదే తప్పు.”

అక్క టీ తెచ్చి ఇద్దరినీ చూసి నవ్వింది.

డ్రాయింగు మళ్లీ చూశాను. అంతా సరిగ్గానే ఉంది. ఇక మిషన్‌నే పరీక్షించాలని అన్ని వైపులా ఇరవై మిల్లీమీటర్లుండే కొలత ఘనం ప్రింట్ చేశాను. కాలిపర్‌తో పట్టి చూస్తే ఒక వైపు 20.02, ఇంకో వైపు 19.98. ఎత్తు కూడా బాగానే ఉంది. గర్వంగా బావకు చూపించాను.

“మరి మూత ఎందుకు పడ్తలేదు?” అన్నాడాయన. ఘనాన్ని మళ్లీ చేతిలో తిప్పి చూశాను.

అప్పుడు తట్టింది. నాలుగు భుజాలూ సమానంగా ఉన్నా, చట్రం ఓ పక్కకు ఒరిగితే చతురస్రం కాదు కదా! ఘనాన్ని మూల నుంచి మూలకు పట్టాను. ఒకటి 28.34, రెండోది 28.22. తేడా మరీ చిన్నది, నా చెయ్యి వణికినా వచ్చేదే. అందుకే వంద మిల్లీమీటర్ల పలుచని చదరం ఒకటి ప్రింట్ చేసి, మూలల్లో తేలిన బుడిపెలు గీకేసి, మళ్లీ కొలిచాను. ఒక కర్ణం 141.7, మరొకటి 141.1. ఇక అనుమానం లేదు.

“డబ్బా, మూత రెండూ ఒక్క దిక్కే ఒరిగినయి బావా. మూతను బోర్ల ప్రింట్ చేసిన కదా, తిప్పి పెట్టంగనే దాని ఒరుగు ఎదురు దిక్కు పోయింది. గందుకే కలుస్తలేవు.”

“నేను ముందే అన్న, అత్తాకోడండ్లని.”

ప్రింటర్ నిలువు కమ్మీల నుంచి కింది చట్రం వెనక అంచు వరకు కాలిపర్ పెట్టి చూశాను. ఒక కమ్మీ రెండోదానికంటే మిల్లీమీటరున్నర ముందుకుంది. జగిత్యాలలో సరిగ్గానే ఉండేది.

“బస్సుల ఏమైంది, నిజం చెప్పు,” అంది అక్క.

చెప్పక తప్పలేదు. వేములవాడ దర్శనానికి పోతున్న కోరుట్ల అవ్వ ఒకామె సీటు దొరక్క నిలబడలేకపోతుంటే, ఆ అట్టపెట్టె మీదే కూర్చోమన్నాను. దిగేదాకా ఆమె లేవలేదు.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. “అవ్వకు పుణ్యం, నీకు పని!”

చదునైన గ్రానైటు బండ మీద ప్రింటర్ పెట్టి, కమ్మీల బోల్టులు వదులు చేశాను. బావ చట్రం కదలకుండా పట్టుకున్నాడు. రెండు కమ్మీలూ వెనక అంచుకు సమానదూరంలోకి తెచ్చి, ఒక్కో బోల్టూ కొంచెం కొంచెంగా బిగించాను. బిగిస్తుంటే ఒకసారి మళ్లీ జరిగింది, మళ్లీ సర్దాను.

“ఊపిరి పీల్చుకోవచ్చా?” అన్నాడు బావ నిజంగానే బిగపట్టి.

ఈసారి చదరం రెండు కర్ణాలూ 141.4 దగ్గరే నిలిచాయి. కొత్త డబ్బాకు మూత పెడితే నాలుగు మూలలూ ఒకేసారి దిగాయి. చిన్నగా టక్కుమని శబ్దం. బావ దాన్ని తీసి పెట్టి, తీసి పెట్టి చూశాడు. ఆపై నా వీపు మీద గట్టిగా ఓ చరుపు చరిచాడు. ఆ చరుపుకు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

మిగిలిన డబ్బాలు చేసిచ్చి జగిత్యాల వచ్చేశాను. వారం తిరగకముందే అక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, మీ బావకు ఏం నేర్పి పోయినవురా? నూలు దారం పట్టుకొని ఇల్లంత మూలలు కొలుస్తుండు. వంటింటి దర్వాజ చౌకట్టు వంకరున్నదట, విప్పుతనంటుండు!”

వెనక నుంచి బావ గొంతు వినిపించింది: “రెండు వేళ్ల తేడా ఉన్నది బామ్మర్దీ! జల్ది రా!”