లిడియా పేరు మీద ఉండిపోయిన కొట్టు

ఏలూరులో చేపల చెరువుల సామాను అమ్మే ఉమామహేశ్వరిగారి సంగతి తెలియనివాళ్లు ఆ వీధిలో లేరు. కొబ్బరికాయ కొంటే కొట్టువాడి ఎదుట రెండుసార్లు ఊపుతారు, ఇంటికొచ్చాక మూడోసారి ఊపుతారు. తాళం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూస్తారు. పెళ్లయి ముప్ఫై రెండేళ్లయినా భర్త హనుమంతరావుగారు బజారుకెళ్తే "ఎవరు కనిపించారు, ఏమడిగారు, మీరేం చెప్పారు?" అని మూడు ప్రశ్నలూ వరసగా వేయాల్సిందే. ఆయన మూడింటికీ "ఎవరూ లేరే" అని ఒకే జవాబు చెప్పి పేపరు తీసుకుంటారు. మహానుభావుడు, అందుకే కాపురం నిలబడింది.

చెడ్డమనిషి కాదు సుమండీ. పనివాళ్లకు జ్వరమొస్తే ఆటో కట్టించి ఆసుపత్రికి పంపుతారు. కాకపోతే ఆ జ్వరం నిజమా కాదా అని ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు, అంతే.

ఆ కొట్టులో ఆరేళ్లు పనిచేసింది లిడియా. బిల్లులు, ఫోన్లు, కంప్యూటరు అన్నీ ఆ అమ్మాయే. మండవల్లిలో మిషన్ వాళ్ల స్కూల్లో కంప్యూటరు టీచరు ఉద్యోగం రావడంతో జనవరిలో మానేసింది. మానేసిన రోజున ఉమామహేశ్వరిగారు ఆ పిల్ల చేత తాళాలు, కొట్టు సిమ్ము, ఐడీ కార్డు అన్నీ లెక్కగా అప్పజెప్పించుకున్నారు. మర్నాడు బీరువా తాళం కూడా మార్పించారు. ఇక ఏ చింతా లేదనుకున్నారు.

ఫిబ్రవరిలో కొట్టు పాత బజారు నుంచి బైపాసు పక్కకు మారింది. ఎండలు ముదిరాయి. మే నెలంటే ఆవిడకు పండగ సీజను. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ సమయంలో నీళ్లు చిలికే ఏరేటరు ఆగిపోయిందంటే రైతు గుండె కూడా ఆగినంత పనవుతుంది. అలాంటివాడు బేరాలాడడు. ఫోను తీసి, దగ్గర్లో ఏ కొట్టుందో చూసి పరిగెత్తుకొస్తాడు.

ఈ మేలో ఎవరూ పరిగెత్తుకు రాలేదు. వారం చూశారు, రెండు వారాలు చూశారు. చివరికి ముదినేపల్లి రైతు దేవరాజు ఏదో పాత రసీదు మీద నంబరు చూసి ఫోన్ చేశాడు.

"ఏవండీ, కొట్టెత్తేశారంట గదండీ? వేరేచోట కొనుక్కున్నానండి."

"ఎవరన్నారయ్యా, నోట్లో మన్ను పడ! బంగారంలా నడుస్తుంటేనూ!"

"నేనేం అనలేదండీ. ఫోన్లో మ్యాపులో రాసుంది, ఎర్రక్షరాల్తో."

ఆవిడ ఫోన్ తీసి చూసుకున్నారు. కొట్టు పేరుంది, పాత ఫొటో ఉంది, ఆరేళ్లుగా రైతులు రాసిన మంచిమాటలు మూడొందల పైచిలుకు ఉన్నాయి. వాటన్నిటి నెత్తిన "శాశ్వతంగా మూసివేయబడింది" అని ఉంది. ఒళ్లు ఝల్లుమంది. బతికుండగానే పెద్దకర్మ పత్రిక అచ్చేసినట్టు అనిపించింది ఆవిడకు.

కొట్టు జీఎస్టీ లెక్కలు చూసే మధుబాబును తాడేపల్లిగూడెం నుంచి పిలిపించారు. అతను ఆ పేజీ మనదేనని చెప్పుకోబోతే, దానికి ఇప్పటికే యజమాని ఉన్నారని గూగుల్ చెప్పింది. ఎవరయ్యా అంటే, ఒక మెయిలు పేరులో మొదటి రెండక్షరాలు చూపించి మిగతావాటికి చుక్కలు పెట్టింది. ఆ రెండక్షరాలూ లిడియావే.

"చూశారా! చూశారా!" అన్నారు ఉమామహేశ్వరిగారు భర్త వంక తిరిగి. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది. కైకలూరులో కొత్తగా పెట్టిన ఆ కొట్టువాడు ఎంతిచ్చాడో ఏంటో!"

"వాడెవడో ఆ పిల్లకి తెలుసంటావా?" అన్నారు హనుమంతరావుగారు.

"మీకు మనుషుల సంగతి తెలీదండి. ఊరుకోండి."

అప్పటికప్పుడు ఫోన్ చేశారు. కుశలప్రశ్నలూ లేవు, పాడూ లేదు.

"ఏమ్మా లిడియా, ఆ మెయిలు పాస్‌వర్డ్ చెప్పు."

 "అది నా సొంత మెయిలండి అమ్మగారూ. పాస్‌వర్డ్ ఇవ్వనండి. పేజీ కావాలంటే..."

"ఇవ్వవా? సరే, పోలీసులకు చెబుతాను, వాళ్లకిద్దువుగాని!" అని ఫోను పెట్టేశారు. "విన్నారా? ఇవ్వదట! తప్పు చెయ్యనిదానికి దాచుకోడం ఎందుకూ?"

మధుబాబు గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారూ, కోప్పడకండి. మెయిలు పాస్‌వర్డంటే ఆవిడ ఇంటి బీరువా తాళమండి. బ్యాంకు, ఆధారు, ఫొటోలు, అన్నీ అందులోనే తెరుచుకుంటాయి. మీరైతే ఇస్తారా?"

"నేనెందుకిస్తాను!"

"మరి! అయినా మనకి దాంతో పనే లేదు. కొట్టు పేరు మీద కొత్త మెయిలు తీద్దాం, దాని వెనక మీ నంబరు పెడదాం. ఆవిడ తన ఫోన్లోంచే ఆ మెయిలుని యజమానిగా చేరుస్తుంది. కుదరదంటే అప్పుడు గూగుల్‌కే అర్జీ పెడదాం, ఆవిడ జవాబు కోసం మూడు రోజులు చూస్తారు. ముందు మనిషినడగండి."

మనిషినే అడుగుదామని మర్నాడు మధుబాబు కారులో మండవల్లి బయల్దేరారు. కొల్లేరు దాటుతున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి చెరువుల్లో తిరిగే ఏరేటర్లనే చూశారు. ప్రతి కొత్త మిషనూ ఎవరి కొట్లో కొన్నదో అనే బెంగ. దారి పొడుగునా లిడియాను ఏయే మాటలతో కడిగేయాలో మనసులో వరస పెట్టుకున్నారు.

స్కూల్లో మధ్యాహ్నం భోజనాల వేళ. సెలవులైనా ఆఫీసు గదిలో అడ్మిషన్ల పని నడుస్తోంది. లిడియా లేచి కుర్చీ వేసింది. ముఖంలో నవ్వు లేదు.

"నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు స్పీకర్లో ఉందండి అమ్మగారూ. హెడ్‌మిస్ట్రెస్‌గారు పక్కనే ఉన్నారు. పోలీసు కేసేంటని అడిగారండి."

ఉమామహేశ్వరిగారికి చురుక్కుమంది గానీ తగ్గలేదు. "మూసేశారని ఎందుకు పెట్టావు?"

"నేను పెట్టలేదండి. కొట్టు మారిందిగా. పాత షట్టరు దగ్గరికి వచ్చినవాళ్లు మూసేశారని రిపోర్టు చేస్తే గూగుల్ వాళ్లే మార్చేస్తారు. నాకు మెయిలొచ్చిందండి. వెంటనే మీకు ఫోన్ చేశాను. 'లెక్కలన్నీ తేలిపోయాయి కదమ్మా, మళ్లీ ఏంటి?' అని పెట్టేశారు."

అన్నారు. గుర్తుంది. బోనసు అడగడానికి ఫోన్ చేసిందనుకున్నారు.

"సరేలే. అసలు నా కొట్టుని నీ మెయిలు మీద ఎందుకు పెట్టుకున్నావు? ముందునించీ ఆలోచనుంటేనే కదా?"

లిడియా కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం నిలకడగానే ఉంది. "మీ మెయిలు అడిగానండి అమ్మగారూ. నంబరూ అడిగాను. 'గూగుల్‌కి మన వివరాలిస్తే ఇన్‌కంటాక్సు వాళ్లకి తెలిసిపోతుంది, నా పేరొద్దు, ఆయన పేరూ వద్దు, నీదేదో పెట్టి కానిచ్చెయ్' అన్నారు మీరు. రెండుసార్లు అడిగాను."

 మధుబాబు తలొంచుకుని ఫోన్లోకి చూస్తున్నాడు. ఉమామహేశ్వరిగారు కాదనబోయారు. కానీ ఆ మాటలు అచ్చంగా తనవే. ఈ భూమ్మీద ఇంకెవరూ అనరు అలాంటి మాట. సిగ్గుతో ఆవిడకు చెమట పట్టింది, కొంగుతో తుడుచుకున్నారు.

 లిడియా ఫోను బల్ల మీద పెట్టి, ఇద్దరికీ కనపడేలా పని మొదలెట్టింది. ముందు కొట్టు తెరిచే ఉందని మార్చి, కొత్త చిరునామా వేసింది. గూగుల్ వాళ్లు చూసి ఒప్పుకోడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చంది. తర్వాత మధుబాబు కొట్టు పేరు మీద తీసి ఉంచిన కొత్త మెయిలుకు యజమానిగా ఆహ్వానం పంపింది. మధుబాబు అక్కడే ఒప్పుకున్నాడు.

"అయిపోయిందా?" అన్నారు ఉమామహేశ్వరిగారు.

"సగమండి. అసలు యజమానిగా ఇంకా నా పేరే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకి ఏడు రోజులు నిండేదాకా ఆ హక్కు మార్చనివ్వరు. వచ్చే శనివారం నేనే ఏలూరొచ్చి మీ ఎదురుగా మారుస్తానండి. అప్పటిదాకా నన్ను తీసేయమనకండి. తొందరపడితే మధ్యలో పేజీ ఎవరికీ కాకుండా పోతుంది."

ఏడు రోజులు! కారెక్కగానే ఉమామహేశ్వరిగారు "నిజమేనా ఆ ఏడు రోజుల ముచ్చట?" అని మధుబాబును అడిగారు. నిజమేనన్నాడు. కైకలూరులో మళ్లీ అడిగారు. ఏలూరు పొలిమేరలో మూడోసారి అడిగితే అతను రేడియో పెట్టాడు.

ఆ వారం ఆవిడకు అన్నం సహించలేదు. ఇప్పుడు లిడియా కోపంతో పేజీ మొత్తం తుడిచేస్తే? మూడొందల మంచిమాటలూ గంగలో కలిస్తే? గంటకోసారి ఫోను తీసి చూశారు. రెండో రోజు సాయంత్రానికి ఎర్రక్షరాలు పోయాయి. మూడో రోజు కలిదిండి నుంచి ఇద్దరు రైతులొచ్చారు. సంతోషించారా అంటే, సంతోషించారు. కానీ "ఇంత మంచితనం దేనికో?" అని భర్తనడిగారు.

"మంచిపిల్ల కాబట్టి" అన్నారాయన పేపరు దించకుండా.

శనివారం పదకొండింటికి లిడియా బస్సు దిగి వచ్చింది. ఎండకు ముఖం కందిపోయింది. కూర్చోకుండానే ఫోను తీసి, కొట్టు మెయిలును అసలు యజమానిగా మార్చింది. కొట్టు కంప్యూటర్లో చూడమంది. మారింది. కొట్టు మెయిలు ఒక్కటే ఉంటే మళ్లీ ఇలాగే అవుతుందని, హనుమంతరావుగారి మెయిలునూ రెండో యజమానిగా చేర్పించింది. కొట్టు మెయిలు పాస్‌వర్డు ఉమామహేశ్వరిగారినే పెట్టుకోమని, టైపు చేస్తున్నంతసేపు ముఖం పక్కకు తిప్పుకుంది.

ఉమామహేశ్వరిగారి గుండెలో బరువు దిగింది. ఆ దిగిన చోట ఇంకేదో గుచ్చుకుంది. లేచి లిడియా చెయ్యి పట్టుకున్నారు.

"నిన్ను చాలా మాటలన్నానమ్మా. తప్పే. మీ హెడ్‌మిస్ట్రెస్‌గారికి నేనే ఫోన్ చేసి చెబుతాను. నీ పేరు తీయొద్దు, మేనేజరుగా అలాగే ఉంచు. ఈ పేజీ నువ్వు కట్టిందేగా. నాకు నమ్మకముంది."

లిడియా మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దండి అమ్మగారూ. ఉంటే రేపు ఇందులో ఏ చిన్న తేడా వచ్చినా మీకు ముందు నా పేరే గుర్తొస్తుందండి. నాకు ఆ స్కూలు ఉద్యోగం నిలబడాలండి."

"ఛ, ఛ, ఎందుకొస్తుందే" అనబోయారు.  వస్తుంది. ఆ సంగతి ఆవిడకే అందరికన్నా బాగా తెలుసు.

లిడియా తన పేరు తానే తీసేసుకుంది. మజ్జిగ తాగి వెళ్లమంటే బస్సు టైమైందని చెప్పి, హనుమంతరావుగారికి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి మలుపు తిరిగేదాకా ఆగి, ఉమామహేశ్వరిగారు కంప్యూటరు ముందు కూర్చుని, యజమానుల జాబితా తెరిచి, నిజంగానే పోయిందా లేదా అని చూశారు. పోయింది. రెండు పేర్లే ఉన్నాయి, రెండూ తమవే. చూసినందుకు తన మీద తనకే అసహ్యమేసి, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.